సత్యం ఖాతాలో లేని 5,040 కోట్లు: ఆడిటర్ అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఈ రోజు టాపిక్ ఆడిట్. వెంటనే స్కిప్ చేయొద్దు సామీ, రెండు నిమిషాలు ఆగండి. ముందు ఒక టిఫిన్ అంగడి కథ చెప్తా.

కడపలో ఏడురోడ్ల దగ్గర మా పెద్దమ్మ వాళ్ళకు చిన్న టిఫిన్ అంగడి ఉంది. ఉగ్గాణి బజ్జి అక్కడ ఫేమస్. ఒకరోజు పొద్దున రష్‌లో నలుగురు కుర్రోళ్ళు తిన్నారు, 240 రూపాయలు అయింది. లేచి ఫోన్ చూపించారు. పచ్చ టిక్కు, అమౌంట్, టైమ్, పెద్దమ్మ పేరు, అన్నీ ఉన్నాయి. "సరే పోండి నాయనా" అనింది. సాయంత్రం లెక్క చూస్తే 240 రాలేదు. అది ఎడిట్ చేసిన స్క్రీన్‌షాట్. ఆ వారమే సౌండ్‌బాక్స్ పెట్టించాం. ఇప్పుడు ఎవరు ఏ స్క్రీన్ చూపించినా పెద్దమ్మ చూడదు. డబ్బా అరిస్తేనే ఇడ్లీ ప్లేటు ఎత్తుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇదే తప్పు, 240 రూపాయలకు కాదు, 5,040 కోట్లకు జరిగింది. మన హైదరాబాద్‌లోనే. దాదాపు 53 వేల మంది పనిచేసే కంపెనీలో, ప్రపంచంలోనే పెద్ద పేరున్న ఆడిట్ సంస్థ సంతకం కింద.

సత్యం కంప్యూటర్స్. నేను బీటెక్ చేసేటప్పుడు మా సీనియర్ల సీనియర్లు దాని గురించి చెప్పేవాళ్ళు. మీలో చాలామందికి స్టోరీ పైపైన తెలిసే ఉంటుంది, ఓటీటీలో చూసి ఉంటారు. కానీ "ఆడిటర్ ఏం చెయ్యాలి, అక్కడ ఏం చెయ్యలేదు" అనేది మాత్రం ఎవరూ నిదానంగా చెప్పరు. అది చూద్దాం.

2009 జనవరి 7. చైర్మన్ బి. రామలింగరాజు బోర్డుకు ఒక ఉత్తరం రాశాడు. అందులో ముఖ్యమైన ముక్క ఇది. 2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు అని చూపించాం, అందులో 5,040 కోట్లు అసలు లేవు. అంటే నూటికి తొంభై నాలుగు రూపాయలు గాలి. దాని మీద రావాల్సిన వడ్డీ అని చూపించిన 376 కోట్లు కూడా లేవు. అసలే లేని డిపాజిట్‌కు వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఒక్క రోజులో షేరు దాదాపు 78 శాతం పడిపోయింది.

ఇక్కడ నాకు మొదట్లో ఒక డౌట్ ఉండేది, మీకూ వచ్చే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ లాభాన్ని పెంచి చూపించడం అర్థమవుతుంది, ఫేక్ ఇన్‌వాయిస్‌లు పెడతారు. మరి బ్యాంకులో డబ్బు ఉందని అబద్ధం ఎందుకు? అది పట్టుకోవడం ఈజీ కదా?

జవాబు డబుల్ ఎంట్రీలో ఉంది. లేని అమ్మకం ఒకటి రాస్తే, అవతల "కస్టమర్ నుంచి రావాల్సింది" అని రాయాలి. ఆ బాకీ ఎన్నాళ్ళు అలా ఉంటుంది? ఆరు నెలలు, సంవత్సరం. తర్వాత ఎవరైనా "ఈ కస్టమర్ ఎందుకు కట్టలేదు" అని అడుగుతారు. అందుకని "కట్టేశాడు" అని రాస్తారు. కట్టేస్తే డబ్బు ఎక్కడికి రావాలి? బ్యాంకుకు. అలా ప్రతి దొంగ ఇన్‌వాయిస్ చివరికి వచ్చి బ్యాంకు ఖాతాలో పడుతుంది. అక్కడ కుప్ప పెరిగితే దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినట్టు రాస్తారు. సీబీఐ లెక్క ప్రకారం ఫేక్ ఇన్‌వాయిస్‌లే 7,561. ఇంకో మాట, మన ఫీల్డ్ వాళ్ళకు నవ్వొచ్చేది. కంపెనీ ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సూపర్ యూజర్ లాగిన్ ఉండేది. ఆ లాగిన్‌తో పెట్టిన ఇన్‌వాయిస్‌లు ప్రాజెక్ట్ టీములకు కనపడకుండా దాచేవాళ్ళు, కానీ అకౌంట్స్‌లోకి మాత్రం వెళ్ళేవి. ప్రొడక్షన్‌లో అడ్మిన్ యాక్సెస్ ఎవరికి ఉందో చూడని చోట ఏమేం జరగొచ్చో ఆలోచించుకోండి.

సరే. ఇప్పుడు ఆడిటర్ కుర్చీలో మనం కూర్చుందాం.

ఒక కంపెనీ "నా దగ్గర ఇన్ని పెట్టుబడులు ఉన్నాయి" అని కాగితం ఇస్తే, ఆడిటర్ అడగాల్సినవి చాలా ఉన్నాయి గానీ, ఈ ఎపిసోడ్‌కు మూడు చాలు. ఒకటి, అది నిజంగా ఉందా? రెండు, అది నీదేనా? మూడు, దాని విలువ నువ్వు చెప్పినంతేనా?

సత్యం నుంచి కాస్త పక్కకు వచ్చి మన దగ్గరి ఉదాహరణ ఒకటి అనుకుందాం, ఇది పూర్తిగా కల్పితం. బేతంచెర్ల దగ్గర నాపరాయి పాలిష్ చేసే ఒక కంపెనీ. మార్చి 31 నాటి లెక్కల్లో మూడు పెట్టుబడులు చూపించింది. బ్యాంకులో 3 కోట్ల ఎఫ్‌డీ. స్టాక్ మార్కెట్‌లో కొన్న కొన్ని షేర్లు. ఇంకొక చిన్న క్వారీ కంపెనీలో 25 శాతం వాటా, విలువ కోటిన్నర. ఆ క్వారీ కంపెనీ మార్కెట్‌లో లిస్ట్ కాలేదు.

ముందు ఎఫ్‌డీ సంగతి. అకౌంటెంట్ అన్న ఫైల్ తెరిచి రసీదు చూపిస్తాడు. ముద్ర ఉంది, మేనేజర్ సంతకం ఉంది. టీ తెప్పిస్తాడు. ఇక్కడ చాలామంది టిక్కు పెట్టి వెళ్ళిపోతారు. మా పెద్దమ్మకు చూపించిన స్క్రీన్‌షాట్ కూడా ఇదే కదా? ఎవరి మీద మనకు అనుమానమో, వాళ్ళ చేతి నుంచి వచ్చిన కాగితం సాక్ష్యం కాదు. కలర్ ప్రింటర్ ఉన్నోడు ఎవడైనా రసీదు చేయగలడు.

అందుకే ఆడిటింగ్ స్టాండర్డ్స్‌లో ఎస్ఏ 505 అని ఒకటి ఉంది. బయటి వాళ్ళ నుంచి నేరుగా ధ్రువీకరణ తెచ్చుకోవడం గురించి. చదవడానికి బోర్‌గా ఉంటుంది గానీ లోపల ఉన్నది సింపుల్. ఆడిటర్ బ్యాంకుకు ఒక లెటర్ పంపాలి, "ఈ కంపెనీ పేరు మీద మార్చి 31న మీ దగ్గర ఏమేం ఉన్నాయి" అని. కంపెనీ అనుమతి సంతకం కావాలి, అంతవరకే కంపెనీ పాత్ర. లెటర్ పోస్ట్ చేసేది ఆడిటర్. అడ్రస్ వెతికేది ఆడిటర్, అదీ కంపెనీ ఇచ్చిన కాగితం మీది అడ్రస్ కాదు, బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లో చూసుకున్నది. జవాబు రావాల్సింది ఆడిటర్ ఆఫీసుకు. మెయిల్‌లో వస్తే పంపిన డొమైన్ బ్యాంకుదేనా, ఒక అక్షరం అటూఇటూ ఉందా అని చూడాలి. అనుమానం వస్తే బ్రాంచికి ఫోన్ చెయ్యాలి, ఆ నంబర్ కూడా మెయిల్ కింద ఉన్నది కాదు.

కోడ్ రాసేవాళ్ళకు ఒక్క మాటలో చెప్పాలంటే, క్లయింట్ పంపిన డేటాను నమ్మొద్దు, సర్వర్‌ను అడుగు. పేమెంట్ సక్సెస్ అని బ్రౌజర్ చెప్తే ఆర్డర్ కన్‌ఫర్మ్ చేస్తామా? గేట్‌వేను అడుగుతాం.

మరి సత్యంలో ఏం జరిగింది? అక్కడ లెటర్లు లేవని కాదు. ఉన్నాయి. 2011 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎస్ఈసీ, ఇంకా ఆడిటర్ల మీద నిఘా పెట్టే పీసీఏఓబీ ఇచ్చిన ఆదేశాల్లో చెప్పిన ముఖ్యమైన లోపం ఇదే: ఆ లెటర్ల ప్రక్రియ ఆడిటర్ల చేతిలో లేదు. లెటర్లు పంపే పని కంపెనీ మనుషులకే ఇచ్చారు, జవాబులు తెచ్చిచ్చింది కూడా కంపెనీ మనుషులే. అంటే సౌండ్‌బాక్స్ పెట్టారు, కానీ దాని బటన్ కస్టమర్ జేబులో ఉంది. ఈ కేసులో ప్రైస్ వాటర్‌హౌస్ ఇండియా సంస్థలు ఎస్ఈసీకి 60 లక్షల డాలర్లు, పీసీఏఓబీకి 15 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్నాయి, ఆరోపణలు ఒప్పుకోకుండా, కాదనకుండా. ఎస్ఈసీ ఇంకో మాట కూడా అనింది. ఇది సత్యం టీము ఒక్కదాని పొరపాటు కాదు, ఆ సంస్థల్లో వేరే ఆడిట్లలో కూడా ఇదే అలవాటు ఉందని. నాకు ఇదే ఎక్కువ భయమేసింది. ఒకడు కావాలని కళ్ళు మూసుకుంటే అది వేరు. "మేం ఎప్పుడూ ఇట్లే చేస్తాం" అనేది ఇంకా డేంజర్.

అందరూ చెప్పని ఒక భాగం ఉంది ఇందులో. కొన్ని బ్యాంకు బ్రాంచీల నుంచి జవాబులు నేరుగా కూడా వచ్చాయని, వాటిలోని అంకెలకూ కంపెనీ తెచ్చిచ్చిన లెటర్లలో అంకెలకూ చాలా తేడా ఉందని దర్యాప్తులో బయటపడింది. ఒకే కంపెనీ, ఒకే తేదీ, రెండు రకాల జవాబులు. ఏ బ్యాంకు నేరుగా రాసిందో అక్కడ డిపాజిట్లు తక్కువ, ఏ లెటర్ చేతికి అందిందో అందులో కోట్లకు కోట్లు. అక్కడ ఆగి ఉంటే కథ కొన్నేళ్ళ ముందే అయిపోయేది.

లెటర్ ఒక్కటే దారి కాదు. ఇంకొక చెక్ ఉంది, నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే ఇంట్లో కూర్చుని చేయొచ్చు. మన బేతంచెర్ల కంపెనీ ఎఫ్‌డీ 3 కోట్లు. 7 శాతం వడ్డీ అనుకుంటే సంవత్సరానికి 21 లక్షలు. ఈ వడ్డీ మీద బ్యాంకు 10 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది, అంటే 2 లక్షల 10 వేలు. అది ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర కంపెనీ పాన్ కింద, 26ఏఎస్ అని మనం పిలిచే స్టేట్‌మెంట్‌లో కనిపించాలి. దాన్ని నింపేది బ్యాంకు, కంపెనీ కాదు. ఇప్పుడు అక్కడ 2 లక్షల 10 వేల బదులు 70 వేలే ఉంది అనుకోండి. వెనక్కి లెక్కేయండి. 70 వేలు టీడీఎస్ అంటే 7 లక్షల వడ్డీ. 7 లక్షల వడ్డీ అంటే కోటి రూపాయల డిపాజిట్. మిగతా 2 కోట్లు ఎక్కడున్నాయి? బహుశా సంవత్సరం మధ్యలో డిపాజిట్ చేసి ఉండొచ్చు, అది అడగాలి. సమాధానం తేదీలతో సరిపోతే సరే. సరిపోకపోతే ఆ రోజు టీ తాగకూడదు.

ఇది దొంగకు కష్టం ఎందుకంటే, ఒక అబద్ధాన్ని మూడు వేర్వేరు ఆఫీసుల్లో ఒకేలా నిలబెట్టాలి. బ్యాంకులో, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో, తన పుస్తకంలో. అలాగే, వేల కోట్లు ఉన్నాయంటున్న కంపెనీ వాటిని వడ్డీ రాని కరెంట్ ఖాతాలో ఎందుకు పెట్టుకుంది అనేది కూడా ఒక ప్రశ్నే. డబ్బు ఉన్న వాడు దాన్ని ఊరికే నిద్రపోనివ్వడు. మన ఊళ్ళో వడ్డీ వ్యాపారం చేసే శెట్టిని అడగండి, రాత్రి నిద్రలో కూడా వడ్డీ లెక్క చెప్తాడు.

ఇంకొకటి, తేదీ. ఎఫ్‌డీ మార్చి 31న ఉంది, ఏప్రిల్ 3న లేదు. ఎవరి దగ్గరో నాలుగు రోజులకు చేబదులు తెచ్చి ఫొటోకు నిలబెట్టి, మళ్ళీ ఇచ్చేశారు. అందుకే ఆడిటర్ ఏప్రిల్, మే స్టేట్‌మెంట్లు కూడా అడుగుతాడు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఉంది సరే, నీదేనా?

దీనికి కూడా మన హైదరాబాదే ఉదాహరణ ఇచ్చింది. ఏం చేస్తాం, మనవాళ్ళు అన్నింట్లో ముందే. కార్వీ స్టాక్ బ్రోకింగ్. కర్నూల్లో, కడపలో కూడా దాని ద్వారా షేర్లు కొన్న వాళ్ళు మీ ఇంట్లో పెద్దవాళ్ళలో ఉండొచ్చు, అడిగి చూడండి. 2019 నవంబర్ 22న సెబీ ఒక ఆదేశం ఇచ్చింది. కస్టమర్లు డబ్బు కట్టి కొనుక్కున్న షేర్లను కార్వీ తన పేరు మీదున్న ఒక డీమ్యాట్ ఖాతాలోకి మార్చుకుని, వాటిని బ్యాంకులకు తాకట్టు పెట్టి అప్పు తెచ్చిందనేది ఆరోపణ. ఆ ఖాతా గురించి ఎక్స్ఛేంజీకి సరిగా చెప్పలేదు కూడా. కస్టమర్లు 95 వేలకు పైగా, షేర్ల విలువ 2,300 కోట్ల వరకు అని అప్పుడు లెక్క తేలింది.

ఇక్కడ తేడా గమనించండి. సత్యంలో డబ్బు లేదు. కార్వీలో షేర్లు ఉన్నాయి! డిపాజిటరీని నేరుగా అడిగినా "అవును, ఇన్ని షేర్లు కార్వీ పేరు మీద ఉన్నాయి" అనే చెప్తుంది. మొదటి ప్రశ్న పాస్. రెండో దానిలో ఫెయిల్. అప్పు ఇచ్చిన బ్యాంకులు కూడా ఇదే వాదించాయి, "ఖాతా కార్వీ పేరు మీద ఉంది, మేం నమ్మి ఇచ్చాం" అని. 2019 డిసెంబర్ మొదట్లో ఎన్‌ఎస్‌డీఎల్ దాదాపు 83 వేల మంది షేర్లను వాళ్ళ సొంత ఖాతాలకు తిరిగి పంపాక, ఆ బ్యాంకులు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

మరి ఎలా తెలుసుకోవాలి? పేరు చూస్తే చాలదు. కొన్న రోజుకు వెళ్ళాలి. ఈ షేరు కొన్నప్పుడు కాంట్రాక్ట్ నోట్ ఎవరి పేరు మీద వచ్చింది, డబ్బు ఎవరి బ్యాంకు ఖాతా నుంచి పోయింది? మా ఊళ్ళో పొలం తగాదాల్లో పెద్దమనుషులు అడిగేది కూడా ఇదే, "పట్టా సంగతి తర్వాత, ఆ రోజు దుడ్డు ఎవరు కట్టినారు?" అని. మన బేతంచెర్ల కంపెనీ షేర్లకైతే డిపాజిటరీ స్టేట్‌మెంట్‌లో కంపెనీ పేరు, ఐసిన్ నంబర్, షేర్ల సంఖ్య చూడాలి. ఆ తర్వాత కొన్న బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ మొత్తం పోయిన లైను చూడాలి. షేర్లు కంపెనీ పేరు మీద కాకుండా ఓనర్ అన్న పేరు మీద ఉంటే, "అన్నీ ఒకటే కదా సార్" అంటారు. ఒకటి కాదు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 187 ప్రకారం కంపెనీ పెట్టుబడులు కంపెనీ పేరు మీదే ఉండాలి, కొన్ని మినహాయింపులు తప్ప.

నీదే అయినా తాకట్టులో ఉండొచ్చు. ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోవడం చాలా మామూలు. తప్పేం లేదు, కానీ చెప్పాలి. 3 కోట్ల ఎఫ్‌డీ ఉంది, దాని మీద 2 కోట్ల 70 లక్షల అప్పు ఉంది అంటే, కష్టకాలంలో ఆ కంపెనీ చేతికి వచ్చేది 30 లక్షలే. అందుకే బ్యాంకుకు రాసే లెటర్‌లో "ఎంత ఉంది" అని మాత్రమే అడిగితే సగం పనే. "దీని మీద లీన్ ఉందా, ఇంకెవరి అప్పుకైనా హామీగా ఉందా" అని కూడా అడగాలి. అడగని ప్రశ్నకు బ్యాంకు జవాబు చెప్పదు. మంచి బ్యాంకే అయినా చెప్పదు.

మూడో ప్రశ్న, విలువ. ఇదే అన్నిటికన్నా జారుడు నేల.

లిస్టెడ్ షేరుకు గొడవ లేదు. మార్చి 31న ఎక్స్ఛేంజీలో క్లోజింగ్ ధర ఎంతో చూసి షేర్ల సంఖ్యతో గుణిస్తే అయిపోయింది. లెక్కల భాషలో దీన్ని లెవెల్ 1 అంటారు. లెవెల్ 2 అంటే ధర నేరుగా దొరకదు గానీ, బయట కనపడే వడ్డీ రేట్లు, దాని లాంటి బాండ్ల ధరలు పట్టుకుని కట్టొచ్చు. లెవెల్ 3 అంటే బయట చూసి పట్టుకోవడానికి ఏమీ లేదు, కంపెనీ అంచనాలే ఆధారం. మన క్వారీ వాటా లెవెల్ 3.

క్వారీ సంవత్సరానికి చేతికి 60 లక్షలు మిగులుస్తుంది అనుకుందాం. ఓనర్ తెచ్చిన వాల్యుయేషన్ రిపోర్టు ఇలా చెప్తుంది: ఈ 60 లక్షలు ఎప్పటికీ వస్తూనే ఉంటాయి, 10 శాతం రాబడి చాలు. 60 లక్షలను 10 శాతంతో భాగిస్తే 6 కోట్లు. అందులో 25 శాతం వాటా కోటిన్నర. లెక్క కరెక్టే, క్యాలిక్యులేటర్ తప్పు చెప్పదు. ఆడిటర్ చూడాల్సింది గుణకారం కాదు, లోపల పెట్టిన రెండు అంకెలు. చిన్న క్వారీకి 10 శాతం చాలా? బ్యాంకు ఎఫ్‌డీయే 7 ఇస్తుంటే, రాయి పగుళ్ళు వస్తే మూతపడే వ్యాపారానికి కొనేవాడు 15 శాతం అయినా అడగడా? 15 పెడితే మొత్తం 4 కోట్లు, వాటా కోటి. అయిపోయింది అనుకోవద్దు. "ఎప్పటికీ" అన్నారు కదా, లీజు కాగితం చూపించండి అనాలి. లీజు ఇంకో 8 ఏళ్ళే ఉంది అనుకోండి. 8 ఏళ్ళ పాటు 60 లక్షలు, 15 శాతం చొప్పున ఈ రోజు విలువ కడితే సుమారు 2 కోట్ల 69 లక్షలు. వాటా 67 లక్షలు. కోటిన్నర ఎక్కడ, 67 లక్షలు ఎక్కడ! ఎవరూ దొంగ కాగితం చేయలేదు. ఒక పర్సెంటేజీ, ఒక పదం మారాయి, అంతే.

ఆడిటర్ ఇక్కడ "సరైన విలువ ఇదే" అని చెప్పలేడు, అది గుర్తుపెట్టుకోవాలి. లీజు పొడిగిస్తారేమో, రాయికి గిరాకీ పెరుగుతుందేమో. అతను చేయగలిగింది, తన సొంత అంచనాలతో ఒక రేంజ్ కట్టడం. కంపెనీ అంకె ఆ రేంజ్ లోపల ఉంటే ఒప్పుకోవడం, బయట ఉంటే మార్చమనడం, మార్చకపోతే రిపోర్టులో రాయడం. ఎస్ఏ 540 చెప్పేది ఈ పని గురించే.

ఇప్పుడు సత్యం దగ్గరికి తిరిగొద్దాం, ఎందుకంటే మూడో ప్రశ్న మొదటి ప్రశ్నను ఎలా మింగేస్తుందో అక్కడే కనపడుతుంది. ఉత్తరానికి మూడు వారాల ముందు, 2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. మేటాస్ ప్రాపర్టీస్‌ను 130 కోట్ల డాలర్లకు, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 30 కోట్ల డాలర్లకు కొంటామని. సాఫ్ట్‌వేర్ కంపెనీ భూముల కంపెనీ కొనడమేంటి అని అందరూ నోరు తెరిచారు. అవి రాజు కుటుంబ కంపెనీలు. మేటాస్‌ను ఇంగ్లీషులో వెనక నుంచి చదవండి, సత్యం వస్తుంది. ఇన్వెస్టర్లు తిరగబడటంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారు.

ఆ డీల్ ఎందుకో ఉత్తరంలోనే ఉంది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టే చివరి ప్రయత్నం అది. డీల్ అయిపోయి ఉంటే పుస్తకాల్లో ఏం జరిగేదో చూడండి. బ్యాంకులో లేని వేల కోట్లను "మేటాస్ కొనడానికి ఖర్చు చేశాం" అని రాసేస్తారు. డబ్బు తీసుకోవాల్సింది సొంత మనుషులే, కాబట్టి చెల్లింపు ఆలస్యమైనా గోల చెయ్యరు. ఇక వచ్చే ఏడాది ఆడిటర్ బ్యాంకుకు లెటర్ రాసినా సమస్య లేదు, ఎందుకంటే ఎఫ్‌డీ ఇప్పుడు పుస్తకాల్లోనే లేదు. దాని బదులు భూముల కంపెనీ ఉంది. ఎంత విలువ? భూమి, అదీ వాల్యుయర్ చెప్పినంత. అవునా కాదా అని ఒక్క లెటర్‌తో తేలిపోయే అబద్ధం, అంచనాల మీద వాదించుకునే విషయంగా మారిపోయేది. బ్యాంకు నిల్వ గురించి వాదించలేం, భూమి విలువ గురించి ఇరవై ఏళ్ళు వాదించొచ్చు. అందుకే ఒక కంపెనీ ఉన్నట్టుండి తన నగదును ఓనర్ బంధువుల అన్‌లిస్టెడ్ కంపెనీలో పెట్టిందంటే, ఆడిటర్ కొత్త పెట్టుబడి విలువ చూడటంతో ఆగకూడదు. పాత నగదు నిజంగా బయటికి పోయిందా, ఏ ఖాతాలో పడింది అని వెనక్కి వెళ్ళి చూడాలి.

తర్వాత ఏమైందో త్వరగా చెప్తా. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో పాటు మొత్తం పది మందిని దోషులని తేల్చి ఏడేళ్ళ శిక్ష వేసింది, ఆ పది మందిలో ఇద్దరు ఆడిటర్లు. అప్పీలు మీద తర్వాతి నెలలో శిక్ష నిలిపి బెయిల్ ఇచ్చారు. 2018 జనవరిలో సెబీ, ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలు రెండేళ్ళ పాటు లిస్టెడ్ కంపెనీల ఆడిట్ చేయకూడదని చెప్పింది. 2019 సెప్టెంబర్‌లో శాట్ ఆ నిషేధాన్ని కొట్టేసింది, నిర్లక్ష్యం వేరు, మోసంలో పాలుపంచుకోవడం వేరు అని. ఆ తేడా న్యాయంగా సరే గానీ, షేరు కొన్నవాడి జేబులో ఆ తేడా కనపడదు అనేది నా పర్సనల్ ఫీలింగ్. ఆడిటర్లను చూసుకోవడానికి ఎన్ఎఫ్ఆర్ఏ అనే సంస్థ 2018 అక్టోబర్‌లో వచ్చింది. వాళ్ళ ఆదేశాలు వెబ్‌సైట్‌లో ఫ్రీగా చదవొచ్చు. సినిమా కన్నా థ్రిల్లింగ్‌గా ఉంటాయి కొన్ని.

మీ డీమ్యాట్ యాప్‌లో రెండు మూడు షేర్లు ఉండే ఉంటాయి కదా. వాటిలో ఒక కంపెనీ యాన్యువల్ రిపోర్టు పీడీఎఫ్ దించుకోండి, ఫోన్‌లోనే చూడొచ్చు. సెర్చ్‌లో Level 3 అని కొట్టండి. మొత్తం పెట్టుబడుల్లో అది ఎంత భాగమో చూడండి. తర్వాత lien అని కొట్టండి, ఏ డిపాజిట్లు తాకట్టులో ఉన్నాయో నోట్స్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ తర్వాత other income నోట్‌కు వెళ్ళి, బ్యాంకు డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీని, సంవత్సరం మొదటి, చివరి డిపాజిట్ల సగటుతో భాగించండి. అదే టైమ్‌లో బ్యాంకులు 7 ఇస్తుంటే మీకు 2 శాతం వస్తే, ఆ కంపెనీ పేరు కింద కామెంట్‌లో పెట్టండి. కంగారుపడి అమ్మేయొద్దు, సంవత్సరం చివర్లో డబ్బు వచ్చి పడినా ఆ అంకె తగ్గుతుంది. ఇద్దరం కలిసి చూద్దాం.

అన్నట్టు, పెద్దమ్మ అంగడిలో పోయిన నెల సౌండ్‌బాక్స్ చార్జింగ్ అయిపోయి అరవలేదు. ఒక కస్టమర్ పాపం నిజంగానే కట్టి కూడా పది నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో చిట్‌ఫండ్ లెక్కలు చూద్దాం.